హోటల్ యజమాని చదివి బదులిచ్చేలా ఉత్తరం రాయడం ఎలా: గూగుల్ మ్యాప్స్ లిస్టింగ్ సరిచేసే చిన్న ఏజెన్సీల కోసం సమగ్ర మార్గదర్శి

గుంటూరు, విజయవాడల్లో చిన్న డిజిటల్ ఏజెన్సీ పెట్టుకున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "హోటల్ ఓనర్లకు ప్రపోజల్ పంపిస్తున్నాం, ఎవరూ బదులివ్వడం లేదు. అసలు ఏం రాయాలి?"

వాళ్లు పంపిన ఉత్తరాలు చదివితే కారణం వెంటనే తెలుస్తుంది. మొదటి పేరాలో తమ ఏజెన్సీ గురించి, రెండో పేరాలో ఎస్‌ఈవో గురించి, మూడో పేరాలో ప్యాకేజీల గురించి ఉంటుంది. ఎవరికి రాశారో ఆ హోటల్ గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. పైన పేరు మార్చి అదే కాగితం పక్క హోటల్‌కూ ఇచ్చేయొచ్చు.

ఓనర్ ఆగి చదవాలంటే ఆయన హోటల్ గురించి ఆయనకే తెలియని నిజం ఆ ఉత్తరంలో ఉండాలి. అది ఆయన తన ఫోన్ తీసి అక్కడికక్కడే సరిచూసుకోగలిగేదై ఉండాలి. కాబట్టి రాతకంటే ముందు చేసే తనిఖీయే అసలు పని.

చెప్పడానికి వీలుగా ఒక హోటల్‌ను ఊహించుకుందాం. గుంటూరు బ్రాడీపేట 4వ లైను, 7వ అడ్డరోడ్డులో ఆంధ్రా మీల్స్ హోటల్. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం మీల్స్, రాత్రి మళ్లీ టిఫిన్లు, బిర్యానీ. ఇంతకుముందు అరండల్‌పేటలో ఉండేది, తర్వాత ఇక్కడికి మారింది.

## 1. ముందు తిండికి వెళ్లేవాడిలా వెతకండి

మీ ఆఫీసులో కూర్చుని హోటల్ పేరు కొట్టి చూస్తే ఏమీ తెలియదు. పేరు తెలిసినవాడు ఎలాగూ వస్తాడు. పేరు తెలియనివాడు ఏం కొడతాడో అది కొట్టండి: `tiffins near me`, `andhra meals brodipet`, "దగ్గరలో మీల్స్ హోటల్". తెలుగులో మాట్లాడి వెతికేవాళ్లూ ఉన్నారు కాబట్టి నోటితో అడిగి కూడా చూడండి.

స్థానిక ఫలితాల వరసకు గూగుల్ స్వయంగా చెప్పే ఆధారాలు మూడు: వెతికిన మాటకు హోటల్ ఎంత సరిపోతుంది, వెతికినవాడికి ఎంత దూరంలో ఉంది, ఎంత పేరున్నది. దూరం లెక్కలో ఉంది కాబట్టి లక్ష్మీపురంలో నిలబడి వెతికితే వచ్చే వరస, రైల్వే స్టేషన్ దగ్గర వెతికితే వచ్చే వరస ఒకటి కావు. అందుకే రెండు మూడు చోట్ల నుంచి చూడాలి. మీ పాత వెతుకులాటలు ఫలితాలను కదపకుండా ఇన్‌కాగ్నిటో విండోలో చూడండి.

వేళ కూడా ముఖ్యమే. టిఫిన్ హోటల్‌ను మధ్యాహ్నం తనిఖీ చేసి లాభం లేదు. పొద్దున ఏడున్నరకు ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి చూడండి.

చూసిన ప్రతిసారీ ఇవి రాసుకోండి:

- తేదీ, వేళ, ఎక్కడ నిలబడి చూశారు
- కొట్టిన మాటలు, అక్షరం మారకుండా
- హోటల్ కనిపించిందా, కనిపిస్తే తెరిచి ఉందని చూపిందా, మూసి ఉందని చూపిందా
- స్క్రీన్‌షాట్

ఆ తర్వాత దారి చూపమని మ్యాప్‌ను అడిగి నడిచి వెళ్లండి. అది ఎక్కడ ఆపితే అక్కడ ఫోటో తీయండి. లిస్టింగ్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేయండి. వెబ్‌సైట్ అని ఉంటే నొక్కండి. చివరగా హోటల్‌లో కూర్చుని తినండి. గోడమీద రాసిన ధరలను లిస్టింగ్‌లో ఉన్న మెనూ ఫోటోతో పోల్చండి.

## 2. దొరికినవాటిలో మూడే ఎంచుకోండి

మన ఉదాహరణ హోటల్‌లో ఇలా తనిఖీ చేస్తే చాలా దొరుకుతాయి. వాటన్నిటినీ రాస్తే ఓనర్‌కు అది తప్పుల చిట్టాలా కనిపిస్తుంది, మనసు నొచ్చుకుంటుంది. గల్లాపెట్టె దాకా తగిలే మూడింటిని మాత్రమే తీసుకోండి.

వేళలు. లిస్టింగ్‌లో "11 AM–11 PM" అని ఉంది. హోటల్ మాత్రం పొద్దున ఆరున్నరకే తెరుస్తారు. అంటే ఇడ్లీ, పెసరట్టు వేడివేడిగా వడ్డిస్తున్న వేళ గూగుల్ ఆ హోటల్‌ను మూసి ఉన్నట్టు చూపిస్తోంది. ఇప్పుడు తెరిచి ఉన్నవే చూపించమని ఎవరైనా వడపోస్తే ఆ జాబితాలో అసలు రానే రాదు.

దీన్ని సరిచేయడంలోనూ ఒక మెలిక ఉంది. 6:30 నుంచి 10:30 రాత్రి వరకు అని ఒకే ముక్కగా పెట్టేస్తే సాయంత్రం నాలుగున్నరకు వచ్చినవాడికి దించిన షట్టర్ కనిపిస్తుంది, ఆ కోపం రివ్యూలో పడుతుంది. ఒకే రోజుకు ఒకటికంటే ఎక్కువ వేళలు పెట్టే వీలు గూగుల్ ఇస్తుంది. పొద్దున 6:30–10:30, మధ్యాహ్నం 12:00–3:30, రాత్రి 7:00–10:30 అని మూడు ముక్కలుగా పెట్టాలి. పండుగలకు ప్రత్యేక వేళలు వేరుగా పెట్టాలి. విజయవాడ వన్‌టౌన్‌లో పనిచేసేవాళ్లు దసరా రోజులకు ఇది మరవకూడదు.

పిన్, పాత లిస్టింగ్. మ్యాప్ పిన్ 7వ అడ్డరోడ్డులో కాకుండా రెండు అడ్డరోడ్ల అవతల ఉంది. బ్రాడీపేట లైన్లు, అడ్డరోడ్లు తెలిసినవాడు బోర్డు చూసి వెతుక్కుంటాడు. పొరుగూరి నుంచి పని మీద వచ్చినవాడు ఇక్కడ హోటలే లేదనుకుని ఎదురుగా కనిపించిన దాంట్లోకి వెళ్లిపోతాడు.

దీనికి తోడు అరండల్‌పేట చిరునామాతో పాత లిస్టింగ్ ఇంకా బతికే ఉంది. స్థలం మారినప్పుడు పాత లిస్టింగ్‌లోనే చిరునామా మార్చాలి. అలా చేయకుండా ఎవరో కొత్తది తెరిచారు. దాంతో పాత రివ్యూలు ఒక చోట, కొత్త రివ్యూలు ఒక చోట చీలిపోయాయి. ఒకే వ్యాపారానికి రెండు లిస్టింగులు ఉన్నాయని గూగుల్‌కు తెలియజేసి కలపమని అడగవచ్చు. కలపాలా వద్దా, రివ్యూలు కలిసి వస్తాయా అన్నది గూగుల్ నిర్ణయం. ఉత్తరంలో దానికి హామీ ఇవ్వకండి.

కేటగిరీ, మెనూ. ప్రధాన కేటగిరీ ఉత్త `Restaurant` అని ఉంది. `Andhra restaurant` అని పెడితే మీల్స్ వెతికేవాడికి ఈ హోటల్ ఎందుకు సరిపోతుందో గూగుల్‌కు స్పష్టంగా తెలుస్తుంది. అదనపు కేటగిరీలు తొమ్మిది దాకా పెట్టవచ్చు కానీ నిజంగా అమ్మేవాటికే పెట్టాలి. ఇక్కడ `South Indian restaurant`, `Biryani restaurant` చాలు.

మెనూ అంటూ ఉన్నది ఎవరో కస్టమర్ ఎప్పుడో తీసిన పాత కార్డు ఫోటో. అందులో మీల్స్ ₹90, గోడమీద ₹150. ఆ ఫోటో చూసి వచ్చినవాడు కౌంటర్ దగ్గర తప్పకుండా గొడవ పెట్టుకుంటాడు. కస్టమర్ పెట్టిన ఫోటోను, అది నిబంధనలకు విరుద్ధమైతే తప్ప, ఓనర్ తీసేయలేడు. ధరలతో సహా మెనూను టైపు చేసి పెట్టడం, ఇప్పటి కార్డు ఫోటో ఎక్కించడం మన చేతిలో ఉన్న పని.

ఇంకొకటి తరచుగా కనిపిస్తుంది: వెబ్‌సైట్ లింకు నొక్కితే `business.site` తో ముగిసే చిరునామా వచ్చి పేజీ తెరుచుకోదు. అలాంటి ఉచిత సైట్లను గూగుల్ 2024 మార్చిలో నిలిపేసింది. ఓనర్‌కు ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. మూడు లోపాల్లో ఒకటి బలహీనంగా ఉంటే దాని స్థానంలో ఇది పెట్టండి.

## 3. లిస్టింగ్ ఎవరి చేతిలో ఉందో ముందే కనుక్కోండి

ఈ మెట్టు దాటేసినవాళ్లు ఒప్పందం కుదిరాక ఇరుక్కుంటారు. లిస్టింగ్‌లో `Claim this business` అని కనిపిస్తే దాన్ని ఇంకా ఎవరూ సొంతం చేసుకోలేదని అర్థం. అది లేకపోతే ఎవరో ఒకరి జీమెయిల్ కింద ఉంది. ఓనర్‌ది కావచ్చు, చదువుకోడానికి హైదరాబాద్ వెళ్లిన మేనల్లుడిది కావచ్చు, పాత ఏజెన్సీది కావచ్చు.

ఎవరిదో తెలియకపోతే ఓనర్ తన జీమెయిల్ నుంచి యాజమాన్యం కోసం గూగుల్‌లో అభ్యర్థన పెట్టాలి. ప్రస్తుతం పట్టుకున్నవాళ్లకు బదులివ్వడానికి 3 రోజుల గడువు ఉంటుంది. వాళ్లు పలకకపోతే వ్యాపారం తనదేనని రుజువు చేసుకుని తీసుకునే అవకాశం వస్తుంది. చాలాసార్లు ఆ రుజువు వీడియో రూపంలో అడుగుతారు. వీధి, హోటల్ బోర్డు, లోపల కౌంటర్ తెరవడమో వంటగదిలోకి వెళ్లడమో అన్నీ కోతలు లేకుండా ఒకే వీడియోలో రావాలి. చిరునామా మార్చినా మళ్లీ రుజువు అడగవచ్చు. అందుకే ఓనర్ సమయం కొంత కావాలని ఉత్తరంలోనే రాయాలి.

యాజమాన్యం ఎప్పుడూ ఓనర్ జీమెయిల్‌కే ఉండాలి. మీరు మేనేజర్‌గా మాత్రమే చేరాలి. ఆయన పాస్‌వర్డ్ మీకు అవసరం లేదు, అడగకూడదు. గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం అంటూ వచ్చే మోసపు ఫోన్లతో ఓనర్లు విసిగి ఉన్నారు. ఈ ఒక్క వాక్యం రాయడంతోనే మీరు ఆ గుంపులోంచి బయటికి వస్తారు.

## 4. ఉత్తరం ఏ వరసలో నడవాలి

ఒక పేజీ దాటకూడదు. స్క్రీన్‌షాట్లు వెనక ఇంకో కాగితం మీద. తెలుగులో రాయండి, మాట్లాడినట్టు రాయండి. ఆర్గానిక్ విజిబిలిటీ, ఎంగేజ్‌మెంట్ లాంటి మాటలు ఒక్కటీ వద్దు.

1. మీరెవరు: ఒకే వాక్యం. గూగుల్ వాళ్లం కాదని అందులోనే చెప్పాలి.
2. ఏ రోజు, ఎక్కడి నుంచి చూశారు.
3. మూడు లోపాలు. ఒక్కోదానికి రెండు మూడు వాక్యాలు: ఏం కనిపిస్తోంది, దానివల్ల కస్టమర్ ఏం చేస్తాడు, ఏం మారుస్తాం.
4. మీ సాయం లేకుండా ఆయనే చేసుకోగల ఒక పని. ఇది ఉచితంగా ఇచ్చేయాలి.
5. ఏది హామీ ఇవ్వరు.
6. డబ్బు, గడువు, ఖాతా ఎవరిది.
7. ఆయన చేయాల్సిన తరువాతి చిన్న పని ఒక్కటి.

నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు, చేతిలో పని పోతుందేమోనని. వేళలు మార్చుకోవడం నేర్పిస్తే ఆయన అది చేసుకుంటాడు. పిన్, రెండు లిస్టింగులు, మెనూ మాత్రం ఎలాగూ మీ దగ్గరికే వస్తాయి. పైగా మీరు చెప్పింది నిజమని ఆయన తన చేత్తో చేసి చూసి ఉంటాడు.

## 5. నమూనా ఉత్తరం

> గౌరవనీయులైన యజమాని గారికి,
>
> నమస్కారం అండి. మేము గుంటూరులోనే ఉండి, హోటళ్ల గూగుల్ మ్యాప్స్ వివరాలు సరిచేసే చిన్న సంస్థ వాళ్లం. గూగుల్ కంపెనీకి మేము ప్రతినిధులం కాము.
>
> మంగళవారం ఉదయం 7:30కి శంకర్ విలాస్ సెంటర్ దగ్గర నిలబడి "టిఫిన్స్ నియర్ మీ" అని వెతికాము. తర్వాత మీ హోటల్‌కు వచ్చి టిఫిన్ చేశాము. మాకు కనిపించిన మూడు విషయాలు మీకు చెప్పాలనిపించింది. ఫోటోలు వెనక కాగితంలో ఉన్నాయి.
>
> మొదటిది, వేళలు. మీరు ఉదయం 6:30కే తెరుస్తున్నారు. గూగుల్‌లో మాత్రం 11 గంటలకు తెరుస్తారని ఉంది. పొద్దున వెతికేవాళ్లకు మీ హోటల్ మూసి ఉన్నట్టు కనిపిస్తోంది.
>
> రెండోది, దారి. మ్యాప్ మీ హోటల్‌కు రెండు అడ్డరోడ్ల అవతల ఆపుతోంది. అరండల్‌పేట పాత చిరునామా, పాత ఫోన్ నంబరు కూడా వేరుగా కనిపిస్తున్నాయి. ఆ నంబరుకు చేస్తే మోగడం లేదు. పిన్ మీ గుమ్మం ముందుకు తెస్తాము. రెండు లిస్టింగులను కలపమని గూగుల్‌ను అడుగుతాము.
>
> మూడోది, మెనూ. అక్కడున్న ఫోటోలో మీల్స్ ₹90 అని ఉంది. మీ ఇప్పటి ధర ₹150. పూర్తి మెనూ ఇప్పటి ధరలతో ఎక్కించి, మీది ఆంధ్రా భోజనం హోటల్ అని తెలిసేలా కేటగిరీ మారుస్తాము.
>
> వేళలు మీరే ఈ రోజే మార్చుకోవచ్చు. మీ లిస్టింగ్ ఉన్న జీమెయిల్‌తో గూగుల్‌లో మీ హోటల్ పేరు వెతికి, ప్రొఫైల్ ఎడిట్‌లో వేళలు తెరవండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వేళలు విడివిడిగా పెట్టండి. దీనికి మాకు ఏమీ ఇవ్వనక్కర్లేదు.
>
> మీ హోటల్‌ను మొదటి స్థానంలో నిలబెడతామని మేము చెప్పము. డబ్బు తీసుకుని ఆ వరసలో పైకి చేర్చే పద్ధతి గూగుల్‌లో లేదు. చెడ్డ రివ్యూలు తీయిస్తామని కూడా చెప్పము. వాటికి మర్యాదగా బదులు రాయడంలో సాయం చేస్తాము.
>
> పైన చెప్పిన పనికి ఒకేసారి ₹6,000, పన్నుతో కలిపి. మా వైపు పని మూడు వారాల్లో పూర్తి చేస్తాము. గూగుల్ ఆమోదానికి కొన్ని రోజులు అదనంగా పట్టవచ్చు. లిస్టింగ్ మీ జీమెయిల్ పేరు మీదే ఉంటుంది, మమ్మల్ని మేనేజర్‌గా చేరిస్తే చాలు. మీ పాస్‌వర్డ్ అడగము. ఎప్పుడు వద్దనుకున్నా మీరే మమ్మల్ని తీసేయవచ్చు. రుజువు వీడియో అడిగితే మీ సమయం ఓ పావుగంట కావాలి.
>
> మీకు వీలైతే గురువారం మధ్యాహ్నం 4 గంటలకు వచ్చి మీ ఫోన్‌లోనే ఇవన్నీ చూపిస్తాము. వీలు కాకపోతే ఈ నంబరుకు ఒక మెసేజ్ చాలు.
>
> ఇట్లు,
> (పేరు, ఫోన్ నంబరు, ఆఫీసు చిరునామా)

ధర మీది మీరు వేసుకోండి. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం కలిపిన మొత్తమే రాయండి, తర్వాత బిల్లులో కొత్త అంకె కనిపిస్తే నమ్మకం పోతుంది. రిజిస్ట్రేషన్ లేకపోతే "పన్నుతో కలిపి" అన్న మాట తీసేయండి. నెలవారీ ప్యాకేజీ మొదటి ఉత్తరంలో పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మొదటి పని చూశాక ఆయనే అడుగుతాడు.

## 6. ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

పేరులో మాటలు ఇరికించడం. "ఫలానా హోటల్ – గుంటూరులో బెస్ట్ బిర్యానీ, మీల్స్" అని పేరు మారుస్తామని కొందరు రాస్తారు. బోర్డు మీద ఏ పేరుందో లిస్టింగ్‌లో అదే ఉండాలన్నది గూగుల్ నిబంధన. అతిక్రమిస్తే లిస్టింగే సస్పెండ్ కావచ్చు, నష్టపోయేది హోటల్. పక్క హోటల్ అలా పెట్టుకుందని ఓనర్ అడిగితే ఈ సంగతి చెప్పి ఒప్పించండి.

రివ్యూకు ఆశ చూపడం. "5 స్టార్లు ఇస్తే 10 శాతం తగ్గింపు" అని కౌంటర్ మీద కార్డు పెట్టిద్దామని ఉత్తరంలో రాయకండి. ఏదైనా ఇచ్చి రివ్యూ రాయించడం నిషిద్ధం. సంతోషించినవాళ్లనే ఎంచి అడగడం కూడా కుదరదు. గూగుల్ ఇచ్చే రివ్యూ లింకుకు క్యూఆర్ కార్డు చేయించి బిల్లు దగ్గర అందరికీ కనిపించేలా పెట్టవచ్చు.

పోటీ హోటల్‌ను తక్కువ చేయడం. ఎదుటి హోటల్ స్క్రీన్‌షాట్ పక్కన పెట్టి "వాళ్లు మీకంటే ముందున్నారు" అని రాస్తే ఓనర్‌కు కోపం మీ మీద వస్తుంది. ఇక్కడ హోటల్ వాళ్లలో చాలామంది బంధువులో స్నేహితులో అయి ఉంటారు కూడా.

ఒకే చోట చూసి వరస చెప్పడం. "మీరు 14వ స్థానంలో ఉన్నారు" అని రాశారు. ఓనర్ తన కౌంటర్ దగ్గర కూర్చుని వెతికితే మొదటిదే కనిపిస్తుంది, ఎందుకంటే ఆయన హోటల్‌లోనే ఉన్నాడు. ఆ క్షణంలో మీ ఉత్తరం మొత్తం అబద్ధంగా మారిపోతుంది. అంకె రాయకండి. రాయాల్సి వస్తే చోటు, వేళ, వెతికిన మాట కలిపి రాయండి.

రివ్యూల గాయం కెలకడం. చెడ్డ రివ్యూలను ఉత్తరంలో ఉటంకించకండి. ముఖాముఖి కలిసినప్పుడు ఓనర్ తప్పకుండా ఎత్తుతాడు. అప్పుడు ఒక నమూనా బదులు చూపించండి: "ఆదివారం రద్దీలో మీకు సాంబారు ఆలస్యంగా అందినందుకు క్షమించండి. ఆ వేళకు వడ్డనకు ఇంకొకరిని పెట్టాము. మళ్లీ వస్తే కౌంటర్‌లో చెప్పండి." అందులో చెప్పిన మార్పు నిజంగా జరిగి ఉండాలి. జరగకపోతే ఆ వాక్యం తీసేయాలి.

## 7. ఉత్తరం ఎలా ఇవ్వాలి, ఇచ్చాక ఏం చేయాలి

కాగితం మీద ప్రింటు తీసి చేతికి ఇవ్వండి. మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదు మధ్య, మీల్స్ రద్దీ అయి ఓనర్ లెక్కలు చూసుకుంటున్న వేళ మంచిది. ఒంటిగంటకు వెళితే మీరు చెప్పేది ఎంత మంచిదైనా వినరు. కౌంటర్‌లో ఉన్నది ఓనరో మేనేజరో కనుక్కుని ఓనర్‌కే ఇవ్వండి. ఆయన లేకపోతే ఎప్పుడు ఉంటారో అడిగి మళ్లీ వెళ్లండి.

"మా హోటల్ ఊరందరికీ తెలుసు బాబూ, గూగుల్ ఎందుకు?" అని ఆయన అనొచ్చు. వాదించకండి. "నిజమేనండి. ఊరివాళ్లకు తెలుసు. ఒక్కసారి మీ ఫోన్‌లో దారి నొక్కి చూడండి, ఎక్కడికి తీసుకెళ్తోందో" అనండి. మిగతాది ఆ మ్యాప్ చెబుతుంది.

బదులు రాకపోతే వారం తర్వాత ఒక మెసేజ్ పెట్టండి. అందులో కొత్త విషయం ఒకటి ఉండాలి, ఉదాహరణకు వేళలు ఇంకా మారలేదని చూపే ఆ రోజు స్క్రీన్‌షాట్. దానికీ పలకకపోతే అక్కడితో ఆపేయండి.

ఇవ్వబోయే ముందు ఒకసారి చూసుకోండి:

- హోటల్ పేరు బోర్డు మీద ఉన్నట్టే రాశారా?
- ఉత్తరంలోని ప్రతి లోపానికీ స్క్రీన్‌షాటో ఫోటోనో ఉందా, తేదీతో?
- ఆ లోపాలు ఈ రోజుకీ అలాగే ఉన్నాయా? ఈలోగా ఆయన మార్చి ఉండొచ్చు.
- మొదటి స్థానం, రివ్యూల తొలగింపు లాంటి హామీలు ఎక్కడా దూరలేదు కదా?
- మొత్తం ధర, గడువు, ఖాతా యజమాని ఎవరో స్పష్టంగా ఉన్నాయా?
- లిస్టింగ్ ఎవరి జీమెయిల్ కింద ఉందో మీకు ఓ అంచనా ఉందా?

ఓనర్ సరేనన్న రోజే, ఏదీ మార్చకముందే, లిస్టింగ్ పనితీరు పేజీ తెరిచి గత నెలల్లో వచ్చిన ఫోన్లు, దారి అడిగినవాళ్ల సంఖ్య, వాళ్లు వెతికిన మాటలు స్క్రీన్‌షాట్ తీసి ఆయన వాట్సాప్‌కు పంపండి. గూగుల్ అక్కడ 6 నెలల లెక్కే ఉంచుతుంది కాబట్టి తర్వాత తీద్దామంటే దొరకకపోవచ్చు. పిన్, వేళలు, మెనూ మారిన మూడు నెలలకు అదే పేజీని మళ్లీ తెరిచి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఆయనతో కూర్చోండి. మధ్యలో పండుగ నెల వచ్చి ఉంటే పెరిగిందంతా మీ పనివల్లేనని చెప్పకండి, ఆ నెలను విడిగా చూపించండి.